బాబాయి మీద కోపం వేరు, ఎస్టేటు లెక్క వేరు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మీ నాన్న వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా పెట్టిన మీ బాబాయి ఆస్తిని గాలికి వదిలేశాడనీ, ఆయన్ని తీసేయించే దారి చెప్పమనీ అడిగావు. ఉత్తరంలో ఎక్కువ భాగం ఆయన నీతో మాట్లాడిన తీరు గురించే ఉంది. ఫోను ఎత్తలేదని, సంవత్సరీకం నాడు అందరి ముందూ కసిరాడని రాశావు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ కోర్టులో దానికి విలువ చాలా తక్కువ. నువ్వు చివర్లో ఏదో మాటవరసకు రాసినట్టుగా, నోటుకు కాలదోషం పట్టిందని, తెల్లకాగితం మీద లెక్క పంపించాడని రెండు సంగతులు రాశావు చూడు, కేసంతా వాటిలోనే ఉంది.

ఇంకో మాట ముందే చెబుతాను. నేను మీ అమ్మకు అన్నని. నేనేం చెప్పినా అవతలివాళ్లు పక్షపాతం అంటారు, అనడం సహజం కూడా. అందుకే ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్న జోలికి పోకుండా, ఇన్నేళ్లు ప్లీడరుగా చేసిన పద్ధతిలోనే తేదీలు, కాగితాలు, అంకెలు పట్టుకుని చెబుతాను. నువ్వూ అలాగే విను.

మొదట ఎగ్జిక్యూటర్ అంటే ఎవరో మనసులో స్పష్టంగా పెట్టుకో. భారత వారసత్వ చట్టం 1925లో 211వ సెక్షన్ ప్రకారం చనిపోయినవారి ఆస్తి ఎగ్జిక్యూటర్‌కు సంక్రమిస్తుంది. అనుభవించడానికి కాదు, అప్పులు తీర్చి, రావలసినవి రాబట్టి, వీలునామాలో ఉన్నట్టు పంచిపెట్టడానికి. ఈ పని తనకు వద్దనుకుంటే మొదట్లోనే న్యాయమూర్తి ముందు నోటిమాటగానో, రాతపూర్వకంగానో తప్పుకునే వీలు ఆయనకు ఉంది. మీ బాబాయి అలా తప్పుకోలేదు. గుంటూరు జిల్లా కోర్టుకు వెళ్లి 2023 ఆగస్టు 1న ప్రొబేటు తెచ్చుకున్నాడు. అంటే బాధ్యత తలకెత్తుకున్నాడు. ఇక మధ్యలో నాకు తీరిక లేదంటే కుదరదు.

అలాగని ఆలస్యమల్లా నిర్లక్ష్యం కాదు. మనిషి పోయిన రోజునుంచి ఏడాది తిరిగేదాకా వీలునామాలో ఇమ్మన్నవి ఇచ్చి తీరాలన్న నిర్బంధం ఎగ్జిక్యూటర్‌కు లేదని 337వ సెక్షన్ చెబుతుంది. అప్పులేమున్నాయో తేలాలి, బ్యాంకులు కదలాలి, అందుకే ఆ వెసులుబాటు. కాబట్టి మీ నాన్న పోయిన 2023 జనవరి నుంచి 2024 జనవరి వరకు డబ్బు చేతికి రాలేదన్న ఫిర్యాదును నీ కాగితాల్లోంచి కొట్టెయ్. ఫోను ఎత్తకపోవడం, కసరడం కూడా కొట్టెయ్. వారసులకూ ఆస్తి చూసే మనిషికీ పడకపోవడం ఒక్కటే ఆయన్ని తీసెయ్యడానికి చాలదని 1884లో ప్రివీ కౌన్సిల్ లెటర్‌స్టెట్ కేసులో చెప్పింది. అది దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి వచ్చిన అప్పీలు. ఆస్తి అనుభవించవలసిన వారి క్షేమమే కొలమానమని కూడా ఆ తీర్పే చెప్పింది. మన కోర్టుల్లోనూ ఇలాంటి కేసు వచ్చినప్పుడు వాదన దాని చుట్టూనే తిరుగుతుంది. ఆయన చేతిలో ఉంటే ఆస్తికి నష్టమా కాదా అన్నదే ప్రశ్న. ఆయన నీకు నచ్చాడా లేదా అని ఎవరూ అడగరు.

ఇప్పుడు నోటు సంగతికి రా. మీ నాన్న 2022 సెప్టెంబరు 12న ఆ రైసుమిల్లు భాగస్వామికి నూటికి రూపాయిన్నర వడ్డీకి 6,00,000 అప్పిచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నాడు. అడిగినప్పుడు ఇచ్చేట్టుగా రాసిన నోటు మీద దావా వేయడానికి గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. నాలుగు నెలలకే మీ నాన్న పోయినా ఆ గడువు ఆగలేదు, నడుస్తూనే ఉంది. 2025 సెప్టెంబరు 12తో అది అయిపోయింది. ఆ లోపు మీ బాబాయి చేయగలిగిన పనులు చాలా తేలికైనవి. బాకీదారును పిలిచి కొంత సొమ్ము జమ కట్టించుకుని నోటు వెనుక అతని సంతకంతో చెల్లు వేయిస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వచ్చేవి. లేదా నోటు తిరగరాయించుకోవచ్చు. రెండూ కుదరకపోతే గడువులోగా దావా పడేయాలి. ఆయన ఏదీ చేయలేదు. నోటు బీరువాలోనే ఉండిపోయింది.

దీనికి చట్టంలో నేరుగా జవాబుంది. చనిపోయినవారికి రావలసిన ఆస్తిని రాబట్టడంలో అశ్రద్ధ చేసి ఎస్టేటుకు నష్టం తెస్తే, ఆ సొమ్ము ఎగ్జిక్యూటరే పూడ్చాలని 369వ సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చం మన సంగతే. బాకీ మీద దావా వేయకుండా ఊరుకుని, బాకీదారు కాలదోషం పట్టిందని చెప్పుకునేదాకా తెచ్చి, ఆ బాకీ ఎస్టేటుకు పోగొట్టిన ఎగ్జిక్యూటర్ ఆ నష్టానికి బాధ్యుడు. ఆస్తిని పాడుచేసినా, దుర్వినియోగం చేసినా పూడ్చాలని దాని పైనున్న 368వ సెక్షన్ చెబుతుంది. నీకు కావలసింది 369.

కానీ తొందరపడకు. మీ బాబాయి తరఫు వకీలు ఇక్కడ ఒక మాట తప్పకుండా అంటాడు. బాకీదారు ఎప్పుడో చితికిపోయాడు, దావా వేసినా పైసా వచ్చేది కాదు, కాబట్టి నష్టమేమీ జరగలేదంటాడు. అది నిజమైతే బలమైన వాదనే. నోటు పోయిందని చూపితే సగం పనే అయినట్టు. అది పోయిన రోజుల్లో బాకీదారు ఇచ్చుకోగల స్థితిలో ఉన్నాడని కూడా చూపాలి. అతని పేరున ఉన్న భూమికి మీభూమిలో వన్‌ బీ తీసుకో, ఇంటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించు. 2022 నుంచి 2025 మధ్య అతను ఏదైనా కొన్నాడా, తాకట్టు పెట్టాడా అన్నది అందులో తెలుస్తుంది. ఆ మూడేళ్లలో అతను స్థలం కొన్నట్టు ఒక్క దస్తావేజు కనబడినా, చితికిపోయాడన్న మాట నిలవడం కష్టం.

ఇంకోటి చూడు. ఆ నోటు ఉందని మీ బాబాయికి తెలుసా? తెలియదంటే ఎలా? ప్రొబేటు అర్జీతో పాటు కోర్టుకు ఇచ్చిన ఆస్తుల జాబితాలో ఆ నోటు రాశాడేమో వెతుకు. రాసి ఉంటే తెలియదనే మాట అక్కడితో ఆగిపోతుంది. రాయకపోతే, నువ్వో మీ అన్నో దాని గురించి ఆయనకు రాసిన ఈమెయిలో, పంపిన మెసేజో ఉందా అని చూడు. తేదీ ఉన్న ఒక్క మెసేజ్ చాలు.

రెండో సంగతి లెక్కలు. ప్రొబేటు పొందిన ఎగ్జిక్యూటర్ ఆరు నెలల్లోగా ఆస్తులు, రావలసిన బాకీలు, తీర్చవలసిన అప్పులు అన్నిటితో జాబితా కోర్టులో దాఖలు చేయాలి. ఏడాదిలోగా తన చేతికి ఏమేం వచ్చింది, దాన్ని ఎలా వాడాడు అన్న లెక్క దాఖలు చేయాలి. 317వ సెక్షన్‌లోని మాట ఇది. కోర్టు గడువు పొడిగించవచ్చు, కానీ పొడిగించమని ఆయన అడగాలి. మన తేదీల ప్రకారం జాబితాకు 2024 ఫిబ్రవరి 1, లెక్కకు 2024 ఆగస్టు 1 గడువు. మీ అన్నకు వాట్సాప్‌లో పంపిన తెల్లకాగితం ఈ రెండిట్లో ఏదీ కాదు. అది ఎవరికి ఎవరు ఇచ్చిన లెక్కో కూడా దాని మీద లేదు.

అందుకే నీ మొదటి పని గుంటూరులో. ప్రొబేటు ఓ.పీ. నంబరు వేసి కాపీ అప్లికేషన్ పెట్టు. ప్రొబేటు, అర్జీ, ఆస్తుల జాబితా, దాఖలైన లెక్క ఏదైనా ఉంటే దాని సర్టిఫైడ్ కాపీలు తీసుకో. లెక్క దాఖలు కాలేదని రికార్డులో తేలితే నీ చేతికి గట్టి కాగితం వచ్చినట్టే. కావాలని, సరైన కారణం లేకుండా జాబితా గాని లెక్క గాని దాఖలు చేయకపోయినా, దాఖలు చేసినదాంట్లో ముఖ్యమైన విషయం అబద్ధమైనా, 263వ సెక్షన్ కింద ప్రొబేటునే రద్దు చేయవచ్చు. ఆ పని ప్రొబేటు ఇచ్చిన జిల్లా కోర్టే చేయగలదు. లెక్క ఇవ్వమని కోర్టు ఆదేశించాక కూడా ఎగ్గొడితే అది నేరం కిందికి వస్తుంది. అయితే 263వ సెక్షన్‌లో 'కావాలని' అన్న మాట ఉందని మరచిపోకు. మర్చిపోయానని, ఇదిగో ఇప్పుడే దాఖలు చేస్తున్నానని రేపు ఆయన కోర్టుకు వస్తే, చాలామంది న్యాయమూర్తులు ఒక వాయిదా ఇస్తారు. కాబట్టి ముందు స్పీడ్ పోస్టులో లెక్క అడుగుతూ ఉత్తరం రాసి, నెల గడువివ్వు. అప్పటికీ ఇవ్వకపోతే మర్చిపోయానన్న మాటకు చోటుండదు.

మూడోది అద్దెలు. తెనాలి ఇంట్లో పై పోర్షను 2024 మార్చి నుంచి ఖాళీగా ఉందని రాశావు. ఇల్లు ఖాళీగా ఉందన్నంత మాత్రాన నిర్లక్ష్యం కాదు, ఒక్కోసారి అద్దెకు ఎవరూ రారు. టులెట్ బోర్డు పెట్టాడా, ఎవరినైనా అడిగాడా, కారుతున్న కప్పు చూసి వచ్చినవాళ్లు వెనక్కి పోయారా, అది తెలుసుకో. కింది పోర్షను వాళ్లు చెప్పే మాట ఇక్కడ పనికొస్తుంది. ఆ అద్దెల మీదే మీ అమ్మ జీవితకాలం బతకాలని మీ నాన్న రాసిపెట్టాడు కనుక, ఈ చిన్న సంగతే కోర్టు మనసుకు పెద్దగా తగలవచ్చు.

ఇక దారులు. ఎగ్జిక్యూటర్‌ను తొలగించే అధికారం 301వ సెక్షన్ కింద హైకోర్టుకే ఇచ్చారు, గుంటూరు కోర్టుకు కాదు. కనుక ఆ అర్జీ అమరావతిలో పడాలి. ఆ సెక్షన్‌లో మూడు మాటలున్నాయి. హైకోర్టు ఎగ్జిక్యూటర్‌ను తాత్కాలికంగా పక్కన పెట్టవచ్చు, తొలగించవచ్చు, లేదా ఆయన కోరితే బాధ్యత నుంచి విడుదల చేయవచ్చు. ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టి, ఎస్టేటు ఆస్తి కొత్తవారికి సంక్రమించేట్టు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ చివరి మాట అర్జీలో తప్పకుండా అడగాలి. తొలగింపు మాత్రమే అడిగి ఊరుకుంటే, ఆర్డరు వచ్చాక బ్యాంకు వాళ్లు 'మరి ఇప్పుడు ఎవరితో మాట్లాడాలి?' అంటారు. కొత్త మనిషి ఎవరో నువ్వే సూచించు, అతని ఒప్పుదల రాతపూర్వకంగా జతచెయ్. మీ అన్న డాలస్‌లో ఉంటాడు కనుక ఆయన వద్దు. నువ్వైనా సరే, మీ అమ్మైనా సరే. ఇద్దరిలో ఎవరున్నా బాబాయి అడ్డు చెబుతాడనుకుంటే, ఎస్టేటుతో ఏ సంబంధమూ లేని మనిషి మేలు.

అక్కడిదాకా పోకుండా మధ్యలో ఇంకో మెట్టుంది. ప్రొబేటు ఇచ్చిన ఎస్టేటు విషయంలో ఎగ్జిక్యూటర్‌కు ఆదేశాలు ఇవ్వమని 302వ సెక్షన్ కింద హైకోర్టునే అడగవచ్చు. అద్దెలు ఫలానా ఖాతాలో వేయాలి, ఇంటి కప్పు బాగుచేయించాలి, మూడు నెలలకోసారి లెక్క ఇవ్వాలి లాంటివి. మనిషి మంచివాడే, బద్ధకమొక్కటే జబ్బయితే దీంతో సరిపోతుంది. మీ విషయంలో నోటు పోయాక, లెక్క ఇవ్వక, కమిషన్ పేరుతో సొమ్ము తనకు తానే తీసుకున్నాక ఆదేశాలు చాలవని నా అభిప్రాయం.

ఒక హద్దు కూడా చెప్పాలి. హైకోర్టులో ఇలాంటి అర్జీ మీద విచారణ ప్రధానంగా అఫిడవిట్ల మీద నడుస్తుంది. ఎవరు ఎంత తిన్నారు, ఏ రసీదు దొంగది అన్న పెద్ద తగాదా లేపితే, అది దావాలో తేల్చుకోమనవచ్చు. కనుక తొలగింపు అర్జీలో కాదనలేని మూడు సంగతులే పెట్టు. నోటు తేదీ, లెక్క దాఖలు కాని రికార్డు, తనకు తానే తీసుకున్న కమిషన్. మిగతాది లెక్కల విచారణకు వదులు. ప్రొబేటు అసలు తీసుకోని ఇళ్లలో పరిస్థితి వేరు. మన జిల్లాల్లో చాలా వీలునామాలు ప్రొబేటు లేకుండానే నడుస్తాయి. అక్కడ 317 గడువుల లెక్క అక్కరకు రాదు. సివిల్ కోర్టులో ఎస్టేటు పరిపాలన దావా వేసి లెక్కలు తీయించాలి, అవసరమైతే రిసీవర్‌ను అడగాలి. నీ స్నేహితురాళ్లెవరైనా అడిగితే ఈ తేడా చెప్పు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. బాబాయి తెల్లకాగితం ప్రకారం ఆయన చేతికి వచ్చింది 15,00,000. అందులో బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లు 12,00,000, అద్దెలు 3,00,000. ఖర్చులు 7,27,000 అని రాసి, తన కమిషన్ 4,50,000 పట్టుకుని, మీ ముగ్గురికీ కలిపి ఇచ్చింది 3,23,000. మొత్తం చూస్తే గుండె మండుతుంది. అందుకే మొత్తం చూడకు, ఒక్కో పద్దు చూడు.

దహనం, పెద్దకర్మ ఖర్చు 1,60,000. దీని మీద తగవు పెట్టుకోకు. మనిషి హోదాకు తగ్గట్టు న్యాయమైన మేరకు అంత్యక్రియల ఖర్చు, చివరి రోజుల వైద్యం ఖర్చు అప్పులన్నిటికన్నా ముందు తీర్చాలని 320వ సెక్షన్ చెబుతుంది. మీ నాన్న స్థాయికి అది ఎక్కువేమీ కాదు. ప్రొబేటుకు అయిన వకీలు ఫీజు, కోర్టు ఫీజు 1,10,000. అది తర్వాతి వరుస, రసీదులుంటే ఒప్పుకో. వంటమనిషికి ఇచ్చిన 24,000 మీ నాన్న పోవడానికి ముందరి మూడు నెలల జీతం. పనివాళ్ల అలాంటి జీతాన్ని చట్టమే మామూలు అప్పులకన్నా ముందు నిలబెట్టింది. ఇచ్చినందుకు మీ బాబాయిని మెచ్చుకోవాలి.

కప్పు కారకుండా చేయించిన మరమ్మతు 48,000. ఆస్తిని సరిగా కాపాడుకోవడానికి అవసరమైన ఖర్చు పెట్టే అధికారం 308వ సెక్షన్ ఎగ్జిక్యూటర్‌కు ఇచ్చింది. ఇది ఒప్పుకోవలసిందే. కానీ మేడ మీద రేకుల గది వేయించిన 2,20,000 ఆ కోవలోకి రాదు. అది కాపాడటం కాదు, కొత్తగా కట్టడం. ఆస్తికి మెరుగులు దిద్దడానికీ, దానధర్మాలకూ, మతపరమైన ఖర్చులకూ హైకోర్టు అనుమతి కావాలని అదే సెక్షన్ రెండో భాగంలో ఉంది. సంవత్సరీకం నాడు గుడిలో చేయించిన అన్నదానం 75,000 కూడా ఆ రెండో భాగంలోకే వస్తుంది. మీ అమ్మ, మీ అన్న, నువ్వు ముగ్గురూ సరే అని ఉంటే నేనేమీ అనను. మీ నాన్న పేరున అన్నం పెట్టినదాన్ని కోర్టుకు లాగడం మీ అమ్మకు ఇష్టం ఉండకపోవచ్చు, ఆమెను అడిగి నిర్ణయించుకో. కానీ అడగకుండా ఎస్టేటు సొమ్ముతో చేశాడన్న మాట రికార్డులో మాత్రం ఉండనీ.

ఇక కారు ఖర్చులు 90,000. విజయవాడ నుంచి తెనాలి వచ్చినందుకు. ఎస్టేటు పని మీద వచ్చిన ప్రయాణానికి అయిన అసలు ఖర్చు ఇవ్వడం న్యాయమే. ఏ రోజు, ఏ పని మీద వచ్చాడో చెప్పమను. బ్యాంకుకు వచ్చిన రోజులు, కోర్టు వాయిదాల రోజులు తేదీలతో సరిపోతాయి. అలా చూస్తే మహా అయితే 20,000 తేలవచ్చు. పెళ్లిళ్లకు వచ్చిన ప్రయాణాలు ఎస్టేటు నెత్తిన వేయకూడదు.

కమిషన్ సంగతి అన్నిటికన్నా ముఖ్యం, దీనిమీదే జనంలో అపోహ ఎక్కువ. ఎగ్జిక్యూటర్ అన్నవాడికి నూటికి ఐదు వస్తుందని మీ బాబాయికి ఎవరో చెప్పి ఉంటారు. మన చట్టంలో అలాంటి మాట లేదు. 309వ సెక్షన్ చెప్పేదేమంటే, అడ్మినిస్ట్రేటర్ జనరల్‌కు ఖరారు చేసిన రేటుకు మించి ఎగ్జిక్యూటర్ కమిషన్ తీసుకోకూడదు, తన దగ్గర ఉంచుకోకూడదు. అంటే అది పైకప్పు. ఆ మేరకు తప్పకుండా ఇవ్వాలని ఆ సెక్షన్ అనలేదు. ట్రస్టీల విషయంలోనైతే దస్తావేజులో రాయకపోతే శ్రమకు ప్రతిఫలం అడిగే హక్కు లేదని 1882 నాటి ట్రస్టుల చట్టం 50వ సెక్షన్ సూటిగా చెప్పింది. అప్పులు తీరి, పంపకం మాత్రమే మిగిలిన దశలో ఎగ్జిక్యూటర్ కూడా ట్రస్టీ లాంటివాడేనని వాదించడానికి చోటుంది.

కాబట్టి వరుస ఇది. ముందు వీలునామా చూడాలి. మీ నాన్న వీలునామాలో ప్రతిఫలం ఊసే లేదు. అలాంటప్పుడు ఆయన కమిషన్ అడగవచ్చు, తనకు తానే పట్టుకోకూడదు. లెక్కలో చూపి, వారసులు ఒప్పుకుంటేనో, కోర్టు మంజూరు చేస్తేనో తీసుకోవాలి. మంజూరు చేసినా పైకప్పు దాటదు. ఆ రేటు ఎంతో మన రాష్ట్ర అడ్మినిస్ట్రేటర్ జనరల్ నిబంధనల్లో ఉంటుంది. నీ వకీలు చేత ప్రస్తుతం అమల్లో ఉన్న కాపీ తెప్పించు. ఎవరో చెప్పిన అంకె మీద అఫిడవిట్ రాయించకు.

రేటు ఎంతయినా, దేని మీద వేస్తారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మీ బాబాయి 4,50,000 ఎలా తెచ్చాడు? ఇంటి విలువ 75,00,000, దానికి చేతికి వచ్చిన 15,00,000 కలిపి 90,00,000 మీద నూటికి ఐదు. ఆ ఇల్లు ఆయన అమ్మలేదు, కొనలేదు, పంచలేదు. మీ అమ్మ అందులోనే ఉంది. ముట్టుకోని ఆస్తి మీద కమిషన్ ఏ పనికని అడుగు. రాబట్టి పంచిన సొమ్ము మీదే కొలవమని కోర్టులో వాదించు. లెక్క అర్థం కావడానికి మాత్రమే నూటికి మూడు అనుకుందాం. 15,00,000 మీద అది 45,000. ఇంత ఇచ్చినా, అది కూడా నోటు పోగొట్టిన మనిషికి ఎందుకివ్వాలని అడిగే హక్కు నీకుంది. పని సరిగా చేయనివాడికి ప్రతిఫలం తగ్గించమనీ, అసలే ఇవ్వద్దనీ కోర్టును కోరవచ్చు.

ఇప్పుడు లెక్క సరిచేసి చూడు. ఒప్పుకోదగిన ఖర్చులు అంత్యక్రియలు, ప్రొబేటు, జీతం, మరమ్మతు కలిపి 3,42,000. ప్రయాణాలు 20,000. ఉదారంగా కమిషన్ 45,000. మొత్తం 4,07,000. పదిహేను లక్షల్లోంచి అది పోతే మీ ముగ్గురికీ 10,93,000 రావాలి. వచ్చింది 3,23,000. కనుక తిరిగి కట్టవలసింది 7,70,000. దీనికి నోటు నష్టం కలుపు. అసలు 6,00,000, మూడేళ్ల వడ్డీ 3,24,000, మొత్తం 9,24,000. రెండూ కలిపితే 16,94,000. అన్నదానం, రేకుల గది మీరు ఒప్పుకుంటే అందులో 2,95,000 తగ్గుతుంది. ఈ అంకె చూసి సంతోషపడకు, కోర్టులో ఇది అంతా రాకపోవచ్చు. కానీ ఎక్కడ నిలబడాలో, ఎక్కడ వదులుకోవాలో ఇప్పుడు నీకు తెలుసు. నాలుగున్నర లక్షల కమిషన్ మీద పెట్టిన కోపంలో తొమ్మిది లక్షల నోటును నువ్వు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు, అది గుర్తించు.

వయసులో పెద్దవాణ్ని కనుక ఒక మాట అడుగుతాను. అర్జీ వేసేముందు బాబాయికి గౌరవంగా తప్పుకునే అవకాశమివ్వు. ప్రొబేటు తీసుకున్నాక ఇంట్లో కూర్చుని రాజీనామా అంటే చెల్లదు, కానీ తనను విడుదల చేయమని ఆయనే 301 కింద హైకోర్టును కోరవచ్చు. మీరంతా సమ్మతి ఇస్తే అది తగవు లేని అర్జీ అవుతుంది. తొలగించారన్న మాట ఆయన మీద పడదు, మీకు ఏళ్లు కలిసివస్తాయి. అయితే రెండు షరతులు వదలకు. పూర్తి లెక్క ఓచర్లతో కోర్టులో దాఖలు చేయాలి. నోటు నష్టం గురించి, పట్టుకున్న కమిషన్ గురించి రాతపూర్వకంగా తేల్చాలి. బంధుత్వం మీద నమ్మి ఇది నోటిమాటగా వదిలితే, నీ క్లెయిముకు కూడా ఒకరోజు కాలదోషం పడుతుంది. నోటుకు జరిగిందే నీ హక్కుకూ జరుగుతుంది.

ఒకవేళ కోర్టు ప్రొబేటు రద్దు చేస్తే, ఆయన ఆ కాగితం వెంటనే కోర్టుకు అప్పగించాలి. కావాలని ఇవ్వకపోతే జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. రద్దుకు ముందు కింది పోర్షను వాళ్లు మంచి నమ్మకంతో ఆయనకు కట్టిన అద్దె మాత్రం చెల్లినట్టే, వాళ్లను మళ్లీ కట్టమనకు. వాళ్లు మీ అమ్మకు పక్కనుండేవాళ్లు.

ఆఖరుగా, మీ అమ్మ తన వీలునామా రాస్తానంటోందని రాశావు. రాయించేటప్పుడు ఎగ్జిక్యూటర్‌కు ఎంత ఇవ్వాలో అందులోనే అంకెతో రాయించు. ఏ పనికి, ఏ సొమ్ము మీద, ఎప్పుడు అన్నది కూడా. ఎగ్జిక్యూటర్‌గా పెట్టిన మనిషికి ఏదైనా కానుక రాస్తే, అతను ఆ పనికి పూనుకుంటేనే అది దక్కుతుందని చట్టం చెబుతుంది, అది అతనికి ముందే తెలియజెయ్. మొదటి మనిషి చేయలేకపోతే రెండో మనిషి ఎవరో కూడా రాయించు. మీ నాన్న ఈ మూడు వాక్యాలు రాసి ఉంటే మీ బాబాయికీ నీకూ ఈ తగవు ఇంత దూరం వచ్చేది కాదు.

సోమవారం గుంటూరు వెళ్లి ముందు ఆ కాపీ అప్లికేషన్ పెట్టు. ఆ కాగితం చేతికొచ్చాక బాబాయితో మాట్లాడు. అప్పటిదాకా ఫోను చేయకు, ఎవరిచేతా కబురు పెట్టకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య